పురుగుల మందు డబ్బా మీది విష లక్షణాలు, జాగ్రత్తలు: రైతుకు అర్థమయ్యే తెలుగులో రాసిపెట్టడం ఎలా?

పత్తి మోకాలెత్తు పెరిగిందంటే నా ఫోన్‌కు డబ్బాల ఫొటోలు రావడం మొదలవుతుంది. "అక్కా, దీని మీద ఇంగ్లీషులో ఏదో రాసుంది, తెలుగులో రాసి పంపు" అని అడుగుతారు. ఈ మధ్య వేరే ఊళ్ళ పిల్లలు, డిగ్రీ చదివేవాళ్ళు, ఎరువుల షాపుల్లో పనిచేసేవాళ్ళు కూడా అడుగుతున్నారు. మా ఊళ్ళో మేమే రాసుకోవాలంటే ఎలా రాయాలి, ఎక్కడ తప్పు పోతుంది అని. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని ఇది రాస్తున్నాను.

నేను మొదటిసారి రాసిన కాగితంలో ఒక లైను ఇలా ఉంది: "లాలాజల స్రావం అధికమగును." మాటకు మాట సరిగ్గానే ఉంది. డ్రమ్ములో మందు కలిపే ఒకామెకు దాన్ని చదివి వినిపిస్తే, "అంటే నోరూరడమా బిడ్డా? ఆకలైతదా?" అని అడిగింది. ఊపిరి ఆడకుండా పోయే ముందు కనిపించే గుర్తు ఆమెకు ఆకలిగా అర్థమైంది. ఆ రోజు నుంచి రాసే పద్ధతి మార్చుకున్నాను.

ఉదాహరణగా ఒకే మందు తీసుకుంటాను. ప్రొఫెనోఫాస్ 50 శాతం ఈసీ. పత్తిలో ఎక్కువగా కొట్టేది, ఆర్గానోఫాస్ఫేట్ జాతికి చెందినది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందులు కొడుతూ విషం ఎక్కి ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. అది మన ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న జిల్లా. పంట అదే, కొట్టే పద్ధతి కూడా అదే.

కావాల్సినవి

- అసలు డబ్బా. ఫొటో సరిపోదు, ఎందుకంటే సీసా వెనకవైపు మడతలో ఉన్న లైన్లు ఫొటోలో పోతాయి.
- అట్టపెట్టెలో డబ్బాతో పాటు వచ్చే మడత కాగితం.
- జూమ్ చేసి చూడటానికి ఫోన్ కెమెరా.
- మీ పీహెచ్‌సీ డాక్టరు లేదా స్టాఫ్ నర్సు దగ్గర ఒక అరగంట సమయం.
- మందు కొట్టేవాళ్ళు, కలిపేవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఒక్క ఆడమనిషైనా ఉండాలి. నీళ్ళు మోసేది, డ్రమ్ములో కలిపేది, సాయంత్రం ఆ బట్టలు ఉతికేది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే.
- తెల్ల కాగితాలు, లావు మార్కర్, తడవకుండా ప్లాస్టిక్ కవరు.

1. ముందు ఆ మడత కాగితం వెతకండి

1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం ప్రతి ప్యాకింగుతో పాటు ఒక కరపత్రం ఉండాలి. అందులో హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ ప్రాంతపు భాష కూడా ఉండాలి. విషం ఎక్కిన లక్షణాలు, జాగ్రత్తలు, ప్రథమ చికిత్స, విరుగుడు, ఖాళీ డబ్బాను ఏం చేయాలి అన్నవి అందులోనే ఉంటాయి. షాపులో అట్టపెట్టె తీసేసి సీసా ఒక్కటే చేతికిస్తే ఆ కాగితం షాపులోనే ఉండిపోతుంది. అడిగి తీసుకోండి.

తెలుగు కాగితం దొరికింది కదా, ఇంక రాయడం ఎందుకు అనుకోకండి. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, భాష "కడగవలెను, ధరించవలెను" అన్నట్టు ఉంటుంది. కానీ అది మీకు మంచి ఆధారం. ఇంగ్లీషులో మీకు అర్థం కాని మాట ఏదైనా ఉంటే దాని తెలుగు అక్కడ చూసుకోవచ్చు. రెండింటికీ పొంతన కుదరకపోతే ఊహించి రాయకుండా ఏఈవోను గానీ డాక్టరును గానీ అడగండి.

2. కదపకూడనివి కదపకుండా ఎత్తి రాయండి

కొన్నింటిని అనువాదం చేయకూడదు. మందు అసలు పేరు, దాని శాతం, విరుగుడు అన్న శీర్షిక కింద డాక్టరు కోసం రాసిన లైన్లు డబ్బా మీద ఎలా ఉన్నాయో అలాగే, ఇంగ్లీషు అక్షరాల్లోనే, కాగితం అడుగున రాయండి. ఆస్పత్రిలో డాక్టరు చదివేది ఆ భాగమే. ఒకే కంపెనీ బ్రాండు పేర్లు ఒకేలా వినిపిస్తాయి, లోపల మందు మాత్రం వేరుగా ఉంటుంది. అందుకే బ్రాండు పేరు ఒక్కటే రాస్తే చాలదు.

తర్వాత, మూల మీద నిలబెట్టిన చతురస్రం గుర్తులో కింది సగం రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా ఘాటైన విషం. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ప్రొఫెనోఫాస్‌ది పసుపు. ఇక్కడ మా ఊళ్ళో చాలామందికి ఒక నమ్మకం ఉంది, ఆకుపచ్చ అంటే సేంద్రియమని, ఏమీ కాదని. ఆకుపచ్చకు "తక్కువ విషం" అని రాయండి. "సురక్షితం" అన్న మాట ఏ రంగుకూ రాయకండి.

3. "మందు" అన్న మాటను ఏరిపారేయండి

మన భాషలో ఈ పనికి అన్నిటికన్నా పెద్ద అడ్డం ఈ ఒక్క మాటే. పొలంలో కొట్టేదీ మందే, డాక్టరు ఇచ్చేదీ మందే, రాత్రిపూట తాగేదీ మందే. "తేడా అనిపిస్తే వెంటనే మందు ఇప్పించాలి" అని రాస్తే ఏ మందు? "మందు కొట్టి భోంచేయొద్దు" అంటే నవ్వేవాళ్ళు కూడా ఉంటారు.

నేను పెట్టుకున్న నియమం ఇది. పొలంలో కొట్టేదాన్ని ప్రతిసారీ "పురుగుల మందు" అనే రాస్తాను. ఆస్పత్రిలో ఇచ్చేదాన్ని "డాక్టరు ఇచ్చే ఇంజెక్షన్" అంటాను. తాగేదాన్ని "సారా, బీరు" అని పేరు పెట్టి రాస్తాను. "మందు" అని ఒంటరిగా ఎక్కడా మిగలకూడదు. రాసిన తర్వాత కాగితం మొత్తం ఈ ఒక్క మాట కోసం మళ్ళీ చదవండి.

"తాగడం" కూడా ఇలాంటిదే. డబ్బా మీద "పొగ తాగవద్దు, తినవద్దు, తాగవద్దు, నమలవద్దు" అని ఉంటుంది. ఇందులో మూడోది నీళ్ళు, టీ కూడా. సారా గురించి చెప్పారనుకుని పురుగుల మందు అంటిన చేతులతోనే నీళ్ళ సీసా ఎత్తేవాళ్ళను చూశాను. "బీడీ, గుట్కా, తంబాకు, టీ, మంచినీళ్ళు, సద్ది ఏదైనా సరే, సబ్బుతో చేతులు, మూతి కడుక్కున్నాకే" అని రాయండి.

4. లక్షణాలను ఒంటి మీద కనిపించేలా రాయండి

డబ్బా మీద లక్షణాలన్నీ ఒకే వరుసలో, కామాలు పెట్టి ఉంటాయి. తలనొప్పి పక్కనే స్పృహ తప్పడం ఉంటుంది. చదివేవాడికి ఏది మొదట వస్తుందో, ఏది ప్రాణం తీస్తుందో తెలియదు. ఒక్కొక్క మాటను విడదీసి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఆ మనిషికి తెలుస్తుందా, పక్కవాళ్ళకే కనిపిస్తుందా? మా ఊళ్ళో దీన్ని ఏమంటారు? దీన్ని వేరే దేనిగానో అనుకునే ప్రమాదం ఉందా?

మూడో ప్రశ్న దగ్గర తొందరపడకండి. ప్రొఫెనోఫాస్ విషయంలో నేను ఎలా రాశానో చూడండి.

*చెమట.* ఎండలో పదహారు లీటర్ల పంపు మోసేవాడికి చెమట పట్టక ఏం చేస్తుంది? "అధిక చెమట" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "నీడలో కూర్చుని నీళ్ళతో మొహం కడుక్కున్నా చెమట ఆగకపోవడం" అని రాశాను.

*చొంగ.* "లాలాజలం", "నోట్లో నీళ్ళూరడం" రెండూ వద్దు. కోస్తాలో చొంగ అంటే తెలుస్తుంది, మా వైపు సొల్లు అంటే తెలుస్తుంది. "చంటిపిల్లకు కారినట్టు నోట్లోంచి సొల్లు కారడం, ముక్కు, కళ్ళ వెంట నీళ్ళు కారడం" అని కలిపి రాశాను. ఈ జాతి విషం ఒంట్లోని తడినంతా బయటికి తోస్తుంది కాబట్టి ఇవి తరచుగా కలిసే వస్తాయి.

*కంటి చుక్క చిన్నదవడం.* ఇంగ్లీషులో ఇది రెండు మాటల్లో అయిపోతుంది. "కంటిపాప సంకోచం" అంటే మాత్రం ఎవరికీ తెలియదు. పైగా ఆ మనిషికి తన కన్ను తనకు కనిపించదు. "నీడలోకి తీసుకొచ్చి కన్ను చూడండి. నల్లగుడ్డు మధ్యలోని చుక్క సూదిమొనంత చిన్నగా ఉంటే విషం ఎక్కినట్టే" అని, పక్కవాళ్ళకు చెబుతున్నట్టు రాశాను. పక్కన మామూలు కన్ను, చుక్క చిన్నదైన కన్ను రెండు బొమ్మలు వేస్తే ఇంకా మంచిది.

*కండరాలు అదరడం.* కన్ను అదిరితే మనవాళ్ళు శకునం చూసుకుంటారు, మగవాళ్ళకు కుడికన్ను అదిరితే మంచిదంటారు. అందుకే "పురుగుల మందు కొట్టిన రోజు కనురెప్ప, బుగ్గ, భుజం, తొడ ఎక్కడ అదిరినా అది శకునం కాదు, విషం" అని రాశాను. ఒక తాత ఆ లైను విని, "నాకు పోయినేడు రెండు రోజులు రెప్ప అదిరింది, డబ్బులొస్తయేమో అనుకున్న" అన్నాడు.

*ఛాతీ బిగుతు.* దీన్ని గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకుంటారు. "ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉండటం, గొంతులో గురగుర, ఊపిరి అందకపోవడం" అని రాయండి.

*వికారం, కళ్ళు తిరగడం, చూపు మసకబారడం.* వీటితో గొడవ లేదు, అందరికీ తెలిసిన మాటలే. కానీ మూడూ వచ్చినా మనవాళ్ళు అనేది ఒకటే మాట: "వడదెబ్బ తగిలింది." నిమ్మరసం ఇచ్చి పడుకోబెడతారు, ఒంటి మీద పురుగుల మందు అంటిన బట్టలు అలాగే ఉంటాయి. చర్మం లోంచి విషం ఇంకుతూనే ఉంటుంది. ఎండదెబ్బలో ఒళ్ళు కాలిపోతుంది, నోరు ఎండిపోతుంది. ఈ విషంలో నోరు, ముక్కు, కళ్ళు, ఒళ్ళు అన్నీ తడితడిగా ఉంటాయి. ఈ తేడా కాగితంలో రాయండి, కానీ తేల్చుకునే పని రైతుకు పెట్టకండి. "పురుగుల మందు కొట్టిన రోజు వడదెబ్బ అనిపించినా విషమనే అనుకోండి" అన్న లైను తప్పక ఉండాలి.

డబ్బా మీద సాధారణంగా కనిపించని ఇంకో సంగతి, ఎంతసేపటికి వస్తుందన్నది. పీల్చినా, మింగినా నిమిషాల్లోనే రావచ్చు. చర్మం లోంచి ఎక్కితే కొన్ని గంటలు పడుతుంది. అందుకే చాలామందికి ఇంటికొచ్చి, తిని పడుకున్నాక మొదలవుతుంది. "ఆ రాత్రి ఒంటరిగా పడుకోవద్దు, ఇంట్లోవాళ్ళు మధ్యలో ఒకసారి లేపి మాట్లాడించాలి" అని నేను కలిపాను. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక కూడా, విషం ఎక్కిన ఒకటి నుంచి నాలుగు రోజుల లోపు మెడ నిలబెట్టలేకపోవడం, ఊపిరి కష్టమవడం జరగవచ్చు. అలా అయితే మళ్ళీ పరుగెత్తాలి. ఇలా మీరు కొత్తగా కలిపే ప్రతి మాటనూ డాక్టరుకు చూపించాకే ఉంచండి.

5. జాగ్రత్తలను చేసే పనులుగా మార్చండి

"పూర్తి రక్షణ దుస్తులు ధరించవలెను" అంటే మా ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు. వస్తువుల పేర్లు రాయండి. నిండు చేతుల చొక్కా, కాళ్ళు కప్పే ప్యాంటు, గమ్‌బూట్లు, రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు, మాస్కు. పత్తి ఛాతీ ఎత్తు పెరిగాక తడి ఆకులు ఒంటికి రాసుకుంటాయి కాబట్టి ముందువైపు ప్లాస్టిక్ ఆప్రాన్, అది లేకపోతే విప్పిన యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ నడుముకు కట్టుకోవాలి. గుడ్డ గ్లౌజులు వద్దు. అవి పురుగుల మందును పీల్చుకుని చేతికి అంటిపెట్టుకుని ఉంటాయి. మూతికి కట్టుకున్న తువ్వాలు తడిస్తే అదీ అంతే, తీసి మార్చాలి.

"గాలి వాలున పిచికారీ చేయవలెను" అన్నది ఇంకో చిక్కు. ఇది విని గాలి ఎటు పోతే అటు నడుస్తూ కొడతారు. అప్పుడు తాము కొట్టిన తుంపరలోకే తాము నడిచిపోతారు. "గాలి మీ పక్క నుంచి వీచేలా సాలు పట్టండి. గాలి వెళ్ళే వైపున్న చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కో సాలూ గాలి వచ్చే వైపుకు జరగండి. తుంపర మొహానికి తగిలితే ఆపేయండి" అని రాసి, బాణం గుర్తుతో చిన్న బొమ్మ వేయండి. ఈ ఒక్క విషయంలో వంద మాటల కన్నా బొమ్మే నయం.

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు అన్నది కూడా రాయండి. పాత టూత్ బ్రష్షు, ఒక నాజిల్ అదనంగా జేబులో ఉంచుకోమనండి. ఏం చేయొద్దో చెప్పి ఊరుకుంటే వినరు, బదులుగా ఏం చేయాలో చెప్పాలి.

6. ప్రథమ చికిత్స: పక్కవాడి కోసం రాయండి

విషం ఎక్కినవాడు కాగితం చదవలేడు. ఈ భాగం మొత్తం పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు ఉండాలి.

ఇక్కడ ఒక పెద్ద చిక్కు వస్తుంది. మన దేశంలో చాలా డబ్బాల మీద "మింగితే గొంతులో వేలు పెట్టి వాంతి చేయించాలి, స్పృహ లేకపోతే చేయించకూడదు" అని ఇప్పటికీ ఉంటుంది. ఇప్పటి వైద్యం దీన్ని ఒప్పుకోదు. ఈసీ మందుల్లో కిరోసిన్ లాంటి ద్రావకం ఉంటుంది. వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి కొత్త ప్రమాదం తెస్తుంది. మనిషి చూస్తుండగానే స్పృహ తప్పవచ్చు, ఫిట్స్ రావచ్చు. ఉప్పునీళ్ళు తాగించడం ఇంకా చెడ్డది. మా డాక్టరుగారికి లేబుల్ చూపించి అడిగాను. "వాంతి చేయించొద్దు, దానంతట అదే అయితే పక్కకు తిప్పి పడుకోబెట్టు అని రాయమ్మా" అన్నారు. మీరూ అలాగే మీ డాక్టరును అడిగి, ఆయన చెప్పిందే రాయండి. సొంతంగా లేబుల్‌ను మార్చకండి, అలాగని గుడ్డిగా ఎక్కించనూ వద్దు.

ఇంకో సంగతి తెలుగు వాక్యం గురించి. మనకు "వద్దు" చివర వస్తుంది. "వాంతి చేయించ" అన్నంతవరకు చదివి కాగితం చిరిగినా, మడత పడినా, కంగారులో సగం చదివినా అర్థం తిరగబడిపోతుంది. ప్రమాదమైన పనులకు "వద్దు" ముందు రాయండి: "వద్దు: వాంతి చేయించడం." పక్కన ఎర్ర ఇంటూ గుర్తు పెట్టండి.

విరుగుడు విషయంలో కూడా జాగ్రత్త. మన చెవికి విరుగుడు అంటే చింతపండు పులుసు, మజ్జిగ, పాలు. డబ్బా మీద ఉన్న విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షన్. దాన్ని ఎంత ఇవ్వాలో డాక్టరే మనిషిని చూస్తూ నిర్ణయిస్తారు. కాబట్టి రైతు చదివే భాగంలో "దీనికి విరుగుడు ఆస్పత్రిలోనే ఉంది, ఇంట్లో లేదు" అని ఒక్క లైను చాలు.

7. ఒక పేజీలో పెట్టండి

మా ఊళ్ళో ఇప్పుడు వాడుతున్న కాగితం ఇలా ఉంటుంది.

> ప్రొఫెనోఫాస్ 50% ఈసీ: పసుపు గుర్తు, ఎక్కువ విషం
>
> కొట్టే ముందు: ఏదైనా తిని వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళొద్దు. చేతులకు రబ్బరు గ్లౌజులు, కాళ్ళకు బూట్లు, కళ్ళద్దాలు, మాస్కు. కలిపేటప్పుడు చెయ్యి పెట్టొద్దు, కర్రతో కలపండి. రెండు బిందెల మంచినీళ్ళు, సబ్బు గట్టున పెట్టుకోండి.
>
> కొట్టేటప్పుడు: గాలి పక్క నుంచి రావాలి. సబ్బుతో కడుక్కోకుండా బీడీ, తంబాకు, టీ, నీళ్ళు, సద్ది ఏదీ ముట్టొద్దు. ఒంటి మీద ఒలికితే అప్పుడే బట్టలు మార్చి కడుక్కోండి.
>
> ఇవి కనిపిస్తే పంపు దించేయండి: తలనొప్పి, కళ్ళు తిరగడం, కడుపులో తిప్పడం, చూపు మసక, నీడలో కూడా ఆగని చెమట. స్నానం చేసి, బట్టలు మార్చి, అదే రోజు డాక్టరుకు చూపించండి. వడదెబ్బ అనుకోవద్దు.
>
> ఇవి కనిపిస్తే వెంటనే 108: సొల్లు కారడం, ఆగని వాంతులు, విరేచనాలు, కండరాలు అదరడం, కంటి చుక్క సూదిమొనంత అవడం, ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉండటం, ఊపిరి ఆడకపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం. పురుగుల మందు మింగితే ఏ గుర్తూ లేకపోయినా 108.
>
> బండి వచ్చేలోపు, పక్కవాళ్ళు: గాలి తగిలే చోటికి తీసుకెళ్ళండి. మీ చేతులకు గ్లౌజులో ప్లాస్టిక్ కవరో వేసుకుని వాళ్ళ బట్టలన్నీ తీసేయండి. ఒళ్ళు, జుట్టు, గోళ్ళ సందులు సబ్బుతో కడగండి. కంట్లో పడితే 15 నిమిషాలు మంచినీళ్ళు ధారగా పోయండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
>
> వద్దు: వాంతి చేయించడం. వద్దు: పాలు, మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్ళు పోయడం.
>
> డబ్బా, ఈ కాగితం ఆస్పత్రికి తీసుకెళ్ళండి. విరుగుడు అక్కడే ఉంది.

దీని కింద డాక్టరు కోసం ఇంగ్లీషు లైన్లు ఉంటాయి. కాగితాన్ని డబ్బా లేబుల్ మీద అతికించకండి. బ్యాచ్ నంబరు, అసలు పేరు మూసుకుపోతాయి. పంపు పట్టీకి ఒకటి, మందులు పెట్టే అర తలుపుకు ఒకటి కట్టండి.

ఎకరాకు ఎంత, ఎన్ని రోజులకు కోయాలి అన్నవి ఇందులో కలపకండి. అవి వేరే కాగితం. ఒకే పేజీలో అన్నీ ఇరికిస్తే ప్రాణాలకు సంబంధించినవి సందులో పడిపోతాయి.

చదవడం రానివాళ్ళ కోసం ఇదే కాగితాన్ని మీ ఊరి యాసలో చదివి, రెండు నిమిషాలు దాటకుండా వాట్సాప్ వాయిస్ మెసేజ్ చేయండి. ఇంట్లో పిల్లలు దాన్ని పెట్టి వినిపిస్తారు.

8. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి

"అర్థమైందా?" అని అడగొద్దు. అందరూ అయిందనే అంటారు. మూడు పరీక్షలు పెట్టండి.

మొదటిది, తిరిగి ఇంగ్లీషులోకి మార్చడం. డబ్బా చూడని ఒకరికి మీ తెలుగు కాగితం ఇచ్చి ఇంగ్లీషులో రాయమనండి. దాన్ని లేబుల్ పక్కన పెట్టి మూడింటిని చూడండి: అంకెలు, "వద్దు"లు, లక్షణాల లెక్క. నేను ఒకసారి పన్నెండు లక్షణాల్లో విరేచనాలు వదిలేశానని ఇలాగే దొరికింది.

రెండోది, ఒక సంగతి చెప్పి ఏం చేస్తావని అడగడం. "సాయంత్రం నాలుగింటికి మీ బావ పంపు దించి చెట్టు కింద కూర్చున్నాడు. చొక్కా తడిసింది, మూతి తుడుచుకుంటూనే ఉన్నాడు, రెప్ప అదురుతోంది అంటున్నాడు. నువ్వొక్కదానివే ఉన్నావు. మొదట ఏం చేస్తావు?" 108కి ఫోన్ చేసి చొక్కా విప్పిస్తానంటే కాగితం పనిచేసినట్టు. నీళ్ళు తాగిస్తానంటే ఆ లైను పైకి తీసుకురావాలి. మా ఊళ్ళో ముగ్గురిలో ఇద్దరు బట్టలు విప్పించడం మర్చిపోయారు. ఆడమనిషి పరాయి మగవాడి బట్టలు ఎలా తీస్తుందని ఒకామె సూటిగానే అడిగింది. "పైన చీరో దుప్పటో కప్పి తీయండి, ప్రాణం ముఖ్యం" అని మాటతో చెబితే సరిపోయింది. ఇది ఏ లేబుల్‌లోనూ ఉండదు.

మూడోది, చేసి చూపించమనడం. గాలి ఎటు ఉంది, నువ్వు ఏ సాలు పడతావు అని పొలం గట్టున నిలబెట్టి అడగండి. 15 నిమిషాలు కన్ను కడగడమంటే ఎంతో తెలియడానికి ఫోన్‌లో టైమర్ పెట్టి, చెంబుతో నీళ్ళు పోయించండి. ఒక్క నిమిషానికే చాలనుకుంటారు. ఒక బిందె చాలదని కూడా అప్పుడే తెలుస్తుంది. ఇలా చూశాకే మేము మా కాగితంలో "ఒక బిందె" కొట్టేసి "రెండు బిందెలు" అని దిద్దుకున్నాం.

ముగ్గురిలో ఇద్దరు తప్పు చెప్పిన లైను ఏదైనా సరే మళ్ళీ రాయండి, మళ్ళీ ఇంకో ముగ్గురికి చూపించండి.

ఎక్కువమంది చేసే తప్పు

ఒక కాగితం బాగా కుదిరిందని దాన్నే అన్ని డబ్బాలకూ జిరాక్స్ తీసి పంచడం. పై లక్షణాలు ఆర్గానోఫాస్ఫేట్లవి. కలుపు మందు పారాక్వాట్‌కు ఇవి వర్తించవు. అందులో నోరు, గొంతు పుండ్లు పడతాయి, మొదటి రోజు మనిషి బాగానే ఉన్నట్టు కనిపించి తర్వాత కిడ్నీలు, ఊపిరితిత్తులు పాడవుతాయి. దానికి పనిచేసే విరుగుడు లేదు, అట్రోపిన్ పనిచేయదు. సింథటిక్ పైరెత్రాయిడ్లలో చర్మం మంట, మొహం చిమచిమలాడటం ముందు వస్తాయి. రెండు మందులు కలిసిన డబ్బాలు కూడా ఉన్నాయి, వాటి లేబుల్ వేరుగా చదవాలి. అందుకే కాగితం నెత్తిన మందు అసలు పేరు లావుగా రాయండి, కింద మీరు ఏ డబ్బా చూసి రాశారో దాని తయారీ తేదీ, మీరు రాసిన తేదీ వేయండి. వచ్చే సీజన్‌లో కొత్త డబ్బా రాగానే పాత కాగితం పక్కన పెట్టి, లైను లైను సరిచూసి, మారింది ఉంటే మార్చాకే మళ్ళీ పంపుకు కట్టండి.